వడ్డీ లెక్కలు, నాలుగో పాఠం: రోజూ కలిపే వడ్డీ, క్షణక్షణం కలిపే వడ్డీ

కిందటి పాఠంలో మూడు నెలలకోసారి, నెలకోసారి వడ్డీని అసలులో కలిపి చూశాం. ఏడాదికి 8 శాతం మీద లక్ష రూపాయలు మూడు నెలల లెక్కన ₹1,08,243.22 అయ్యాయి, నెల లెక్కన ₹1,08,299.95 అయ్యాయి. రోజూ కలిపితే ఎంత? గంటగంటకూ కలిపితే? కలపడానికి మధ్య విరామమే లేకపోతే? వడ్డీ ఎక్కడిదాకా పెరుగుతుందో, ఎక్కడ ఆగుతుందో ఈ పాఠంలో చూద్దాం.

ముందు ఒక అపోహ తీసేద్దాం. మన బ్యాంకుల సేవింగ్స్ ఖాతాలో 2010 ఏప్రిల్ 1 నుంచి వడ్డీని రోజువారీ నిల్వ మీద కడుతున్నారు. అంటే రోజూ లెక్క వేస్తారు, అంతే. ఆ వడ్డీని రోజూ అసలులో కలపరు. చాలా బ్యాంకులు మూడు నెలలకోసారి జమ చేస్తాయి. జమ అయ్యేదాకా వడ్డీ మీద వడ్డీ పుట్టదు. 'డైలీ' అన్న మాట కనబడగానే రోజువారీ చక్రవడ్డీ అనుకోవద్దు. లెక్క వేసేది ఎప్పుడు, కలిపేది ఎప్పుడు అని రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగాలి.

ఇక అసలు లెక్క. లక్ష మీద 8 శాతమంటే మొదటి రోజు వడ్డీ 8,000ను 365తో భాగిస్తే వచ్చే ₹21.92. సాయంత్రానికి దాన్ని అసలులో కలిపేస్తాం. మర్నాటి నుంచి ఆ ₹21.92 కూడా సంపాదించడం మొదలుపెడుతుంది, కానీ దాని రోజు సంపాదన అర పైసా కూడా ఉండదు. 0.48 పైసలు. ఇంత చిన్న మొత్తాలు ఏడాదిలో ఎన్ని పోగవుతాయి?

దీన్ని జతలుగా లెక్కపెడితే తేలిక. ఒక రోజు పుట్టిన వడ్డీ, ఆ తర్వాతి ఏదో ఒక రోజు దాని మీద పుట్టే వడ్డీ, ఇదొక జత. 365 రోజుల్లోంచి రెండేసి రోజుల్ని 365 × 364 ÷ 2 = 66,430 రకాలుగా తీసుకోవచ్చు. ఒక్కో జతకు 0.48039 పైసల చొప్పున మొత్తం ₹319.12. వడ్డీ మీద వడ్డీ అంటే ఇదే. దీని మీద మళ్లీ పుట్టే వడ్డీకి మూడేసి రోజుల్ని లెక్కపెట్టాలి, ఆపైన నాలుగేసి. అన్నీ కూడితే ₹1,08,327.76.

ఇప్పుడు 365 బదులు n, రేటు 0.08 బదులు r అనుకోండి. జతల సంఖ్య n(n−1)/2, ఒక్కో జత విలువ లక్ష × (r/n)². రెంటినీ గుణించండి:

```
లక్ష × (r²/2) × (1 − 1/n)
```

సూత్రం పుట్టేది ఇక్కడే. n పెరిగేకొద్దీ (1 − 1/n) ఒకటికి దగ్గరవుతుంది తప్ప ఒకటిని దాటదు. అందుకే ఎంత తరచుగా కలిపినా వడ్డీ మీద వడ్డీ లక్ష × 0.0064 ÷ 2 = ₹320 దగ్గర ఆగిపోతుంది. మూడో వరస r³/6 దగ్గర, నాలుగోది r⁴/24 దగ్గర ఆగుతాయి. కింద 2, 6, 24 ఎందుకొచ్చాయంటే, మూడు రోజుల్ని ఆరు క్రమాల్లో రాయవచ్చు, కానీ వడ్డీ ముందు రోజు నుంచి తర్వాతి రోజుకే పాకుతుంది కాబట్టి వాటిలో ఒక్క క్రమమే పనికొస్తుంది. ఆగిపోయిన విలువలన్నీ కూడితే:

```
1 + r + r²/2 + r³/6 + r⁴/24 + ...
```

ఈ శ్రేణి విలువనే e^r అని రాస్తాం. మన లక్షకు విడదీస్తే: అసలు 1,00,000, వడ్డీ 8,000, వడ్డీ మీద వడ్డీ 320, ఆపైన 8.53, ఆపైన 17 పైసలు, మిగతావన్నీ కలిపి పైసాలోపు. కూడితే ₹1,08,328.71. అసలు P, కాలం t సంవత్సరాలైతే r ఉన్న చోట rt పెట్టండి, P·e^(rt) వస్తుంది.

ఒక రూపాయిని ఏడాదికి నూరు శాతం మీద తిప్పితే ఏమవుతుందో 1683లో జాకబ్ బెర్నూలీ పరిశీలించాడు. ఏడాదికోసారి కలిపితే 2, నెలకోసారి అయితే 2.6130, రోజూ అయితే 2.7146. హద్దు 2కూ 3కూ మధ్య ఉంటుందని తేల్చాడు. ఆ హద్దు 2.71828..., దానికి e అన్న అక్షరం తర్వాత ఆయిలర్ వాడాడు. పై శ్రేణిలో r = 1 పెట్టి చూడండి, 1 + 1 + 0.5 + 0.1667 + 0.0417... అదే సంఖ్య.

రోజువారీకీ నిరంతరానికీ తేడా లక్ష మీద 95 పైసలు. అది ఎక్కడిదో ఇప్పుడు చూపించవచ్చు. వడ్డీ మీద వడ్డీలో 320కీ 319.12కీ తేడా 88 పైసలు, మిగతా 7 పైసలు కింది వరసల్లోవి. ఇతర రేట్లకు ఉజ్జాయింపుగా P·e^(rt)·r²t/(2n) వాడుకోండి. కాబట్టి 'క్షణక్షణం పెరిగే డబ్బు' అని ఎవరైనా ఊరిస్తే లొంగకండి. లెక్కలో వాడే రోజుల సంఖ్యను చూడండి. రేటును 360తో భాగించి 365 రోజులు కలిపితే ₹1,08,448.16 వస్తుంది. మామూలు రోజువారీ లెక్క కంటే ఇది ₹120.40 ఎక్కువ. మరి నిరంతర సూత్రం ఎందుకంటే, లెక్క సుళువు కోసం. రెండేళ్ల వడ్డీకి గుణకారాలు పేర్చక్కర్లేదు, ఘాతాలు కూడితే చాలు.

కంప్యూటర్లో సరిచూసుకునేవాళ్లు ఒక చోట బోల్తా పడతారు. n ఎంత పెద్దదైతే అంత కచ్చితం అనుకొని పదుల కోట్ల కోట్లు పెడతారు. పైథాన్‌లో ఇది నడపండి:

```
from math import exp
for n in (365, 10**6, 10**14, 10**16):
    print(n, (1 + 0.08/n)**n)
print(exp(0.08))
```

పది లక్షల దగ్గర సరిగ్గానే 1.083287 వస్తుంది. 10¹⁴ దగ్గర 1.0929కి ఎగబాకుతుంది, 10¹⁶ దగ్గర 1.0కి పడిపోతుంది, అంటే వడ్డీయే మాయం. సూత్రం తప్పు కాదు. యంత్రం ఒక సంఖ్యలో సుమారు 16 అంకెలే దాచుకుంటుంది, 1కి అంత సూక్ష్మమైన ముక్క కలిపితే చివరి అంకెను సవరించేస్తుంది, దాంతో ఆ ముక్క 10¹⁴ దగ్గర కాస్త పెద్దదవుతుంది, 10¹⁶ దగ్గర సున్నా అయిపోతుంది. అందుకే హద్దు కావాలంటే నేరుగా `exp` వాడాలి. 0.08 బదులు 8 కొడితే మాత్రం జవాబు 2980.96 అని వస్తుంది, దాన్ని ఇట్టే పట్టుకోవచ్చు.

రేటును మార్చుకోవడం ఇంకో చిక్కు. మూడు నెలల చక్రవడ్డీ 8 శాతాన్ని అలాగే e సూత్రంలో పెడితే జవాబు ఎక్కువొస్తుంది. ముందు సహజ లాగరిథమ్‌తో మార్చాలి: 4 × ln(1.02) = 0.07921. అంటే నిరంతర రేటు 7.921 శాతం. దాంతో లక్ష మళ్లీ ₹1,08,243 దగ్గరే ఆగుతుంది.

అభ్యాసం: నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. లక్షను రోజూ కలిపినప్పటికీ నిరంతరం కలిపినప్పటికీ తేడా ఎంత? ముందు ఉజ్జాయింపు సూత్రంతో, తర్వాత యంత్రంతో కట్టండి. పది రూపాయల మూడు పైసల దగ్గరికి రాకపోతే శాతాన్ని దశాంశంగా మార్చారో లేదో చూసుకోండి. వచ్చే పాఠంలో ఇదే e సూత్రాన్ని తిప్పి, డబ్బు రెట్టింపు కావడానికి పట్టే కాలం కడదాం.