డ్రాఫ్ట్ మరబొమ్మలా మాట్లాడుతోందా? సమస్య - పరిష్కారం

తప్పులేమీ లేవు, అయినా చదువుతుంటే ఎవరూ రాసినట్టు అనిపించదు. ఇలాంటి డ్రాఫ్టులో లోపం ఎక్కడుందో వేలు పెట్టి చూపించడానికి ఒక నమూనా పేరా తీసుకుందాం. ఆవకాయ నిల్వ గురించి రాసిన వ్యాసానికి ఇది మొదటి పేరా.

"నేటి ఆధునిక జీవనశైలిలో ఆవకాయకు ఒక ప్రత్యేక స్థానం ఉంది. ఇది తెలుగువారి సంస్కృతి, సంప్రదాయం మరియు రుచిని ప్రతిబింబిస్తుంది. మామిడికాయలు జాగ్రత్తగా ఎంచుకోబడి, శుభ్రపరచబడి, చిన్న ముక్కలుగా కోయబడతాయి. ఆవకాయ కేవలం పచ్చడి మాత్రమే కాదు, అది ఒక భావోద్వేగం. సరైన నిల్వ పద్ధతి ద్వారా ఇది సంవత్సరం పాటు తాజాగా ఉంటుంది."

లక్షణం: వాక్యాలన్నీ ఒకే పొడవు

మాటలు లెక్కపెట్టండి. వరసగా 8, 7, 7, 8, 9. డ్రాఫ్టు పెద్దదైతే చేత్తో లెక్కపెట్టడం విసుగు కాబట్టి ఈ నాలుగు పైథాన్ లైన్లు వాడుకోవచ్చు:

```python
import re
text = open("draft.txt", encoding="utf-8").read()
for s in re.split(r"[.?!]\s+", text):
    print(len(s.split()), s[:40])
```

"రూ. 500" లాంటి చోట చుక్కను చూసి ఇది వాక్యం అయిపోయిందనుకుంటుంది. ఫైలు చివర 0 కనిపించినా కంగారు లేదు. మనకు కావలసింది సగటు కాదు, వరస. పక్కపక్కనే ఐదారు వాక్యాలు రెండు మాటల తేడాలోనే ఉంటే అక్కడ గుర్తు పెట్టుకోండి. తెలుగులో విభక్తులు మాటకే అతుక్కుంటాయి కనుక మన అంకెలు ఇంగ్లీషువాటి కంటే చిన్నగా వస్తాయి. ఇంగ్లీషు రచనకు చెప్పిన కొలతలను ఇక్కడ వాడితే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు ప్రతి వాక్యంలో చివరి మాట చూడండి. ఉంది, ప్రతిబింబిస్తుంది, కోయబడతాయి, భావోద్వేగం, ఉంటుంది. ఐదింటిలో నాలుగు క్రియతో, ఒకే వాటంగా ఆగుతున్నాయి. తెలుగులో క్రియ చివర పడుతుంది కాబట్టి చెవికి చప్పగా తగిలేది ఈ చోటే. పొడవు ఒకటే అయినా ముగింపులు మారుతుంటే అంత విసుగు పుట్టదు.

కారణం ఏమిటంటే, ఒక్కో వాక్యానికి ఒక్కో అభిప్రాయం కేటాయించి, దాన్ని నింపి, చుక్క పెట్టేశారు. మనిషి పని వివరించేటప్పుడు చిన్న చిన్న పనులను "కడిగి, తుడిచి" అంటూ క్త్వార్థకాలతో ఒక్క వాక్యంలోకి గుచ్చేస్తాడు, అసలు సంగతి దగ్గర మూడు మాటల్లో ఆగిపోతాడు. అంటే పొడవు విషయాన్ని బట్టి వస్తుంది.

అందుకే వాక్యాలను కత్తెరతో కత్తిరిస్తే బాగుపడదు. "కాయలు కడగాలి. తుడవాలి. కోయాలి." అని విరగ్గొట్టినవాళ్లు 8, 7, 7 తీసి 2, 1, 1 పెట్టారంతే. ముందు వాక్యాల్లో ఏ సమాచారం లేదో తేల్చుకుని, అది పెట్టాక పొడవు సంగతి చూడండి.

లక్షణం: అరిగిపోయిన ఎత్తుగడ

"నేటి ఆధునిక జీవనశైలిలో", "ప్రస్తుత పోటీ ప్రపంచంలో", "అనాదిగా మన సమాజంలో". వీటిని పట్టడానికి సులువైన పరీక్ష ఉంది. ఆవకాయ తీసేసి బతుకమ్మ పెట్టండి: "నేటి ఆధునిక జీవనశైలిలో బతుకమ్మకు ఒక ప్రత్యేక స్థానం ఉంది." ఏమైనా చెడిందా? చేనేత చీర పెట్టినా, ఎడ్లబండి పెట్టినా చెడదు. దేనికైనా సరిపోయే వాక్యం దేని గురించీ ఏమీ చెప్పలేదన్నమాట.

రాయడం మొదలుపెట్టడానికి చేతికి ఏదో ఆసరా కావాలి, ఆ మాటలు అందుకే వస్తాయి. చిత్తులో ఉంటే తప్పు లేదు. సాపు చేసేటప్పుడు మొదటి రెండు వాక్యాలు మూసేసి మూడోదాని నుంచి చదవండి. అర్థానికి లోటు రాకపోతే అవి తీసేయాల్సినవే. తీసేశాక మొదటి వాక్యంలో పాఠకుడు ఏ ఇబ్బందితో ఈ పేజీకి వచ్చాడో అది ఉండాలి. ఆవకాయ విషయంలో ఆ ఇబ్బంది బూజు.

లక్షణం: ముచ్చటగా మూడేసి మాటలు

"సంస్కృతి, సంప్రదాయం మరియు రుచి." ఇందులో రెండు జబ్బులున్నాయి. మొదటిది "మరియు". మాట్లాడేటప్పుడు "అన్నం మరియు పప్పు" అని ఎవరూ అనరు. "అన్నం, పప్పు" అనో, "అన్నమూ పప్పూ" అని చివరి అచ్చు సాగదీసో అంటారు. పైగా తెలుగుకు జంటలు అలవాటు: ఉప్పూకారం, తిండీతిప్పలూ, మంచీచెడ్డా. మూడు నామవాచకాలకు కామా, చివరిదానికి ముందు "మరియు" పెట్టే పద్ధతి ఇంగ్లీషు వాక్యం నుంచి వచ్చింది.

రెండో జబ్బు మరింత లోతైనది. ఒక్కో మాటనూ వేలితో మూసి చూడండి. "సంప్రదాయం" మూస్తే ఏమీ తగ్గలేదు, ఎందుకంటే "సంస్కృతి" ఆ పని ఇంతకుముందే చేసేసింది. రాసేవాడి దగ్గర ఒక్క విషయమే ఉంది, తూకం కోసం ఇంకో రెండు పేర్చాడు. కాబట్టి ఉన్న ఒక్కటి ఉంచండి. అయితే మూడు కనిపించగానే కొట్టేయవద్దు. ఆవపిండి, కారం, ఉప్పు అన్నచోట మూడూ వేర్వేరు సరుకులు, ఏ ఒక్కటి తీసినా పచ్చడి చెడుతుంది. అక్కడ మూడే ఉండాలి.

లక్షణం: "కేవలం... మాత్రమే కాదు"

ఆవకాయ పచ్చడి మాత్రమేనని ఎవరూ వాదించలేదు. లేని వాదాన్ని కూలగొట్టి ఎత్తు చూపించడం ఇది. వాక్యాన్ని పూర్తిగా తీసేయడమే మందు.

లక్షణం: "బడు" ఎక్కువ కావడం

"ఇచ్చట పంచర్లు వేయబడును" అని బోర్డు మీద బాగానే ఉంటుంది, అది బోర్డు భాష. వ్యాసంలో "కోయబడతాయి" అంటే ఎవరు కోస్తున్నారో తప్పించుకున్నట్టు. చేసేది పాఠకుడే కదా, "కోయండి" అనండి.

సరిచేశాక

"ఆవకాయకు బూజు పట్టిందంటే చాలాసార్లు కారణం తడే. కాయలు కడిగి, తుడిచి, ముక్కలు కొట్టాక జీడి తీసి, లోపలి పొర గీకి, ఒక్కో ముక్కనూ పొడి గుడ్డతో మళ్లీ తుడవాలి. జాడీ కూడా అంతే. మూడో రోజు తిరగకలిపినప్పుడు నూనె ముక్కల మీదికి తేలకపోతే ఇంకాస్త నువ్వుల నూనె పోయండి."

వరస ఇప్పుడు 6, 16, 3, 11. ఈ అంకెల కోసం ఎవరూ ప్రయత్నించలేదు. తుడిచే పనిలో దశలు ఎక్కువ కాబట్టి రెండోది సాగింది, జాడీ గురించి కొత్తగా చెప్పేదేం లేదు కాబట్టి మూడోది ఆగింది. మొదటి వాక్యం చివర క్రియ కూడా లేదు. "కారణం తడే" అంటే తెలుగులో చాలు, దానికి "అయి ఉంటుంది" తగిలించనక్కర్లేదు.

ఈ పరీక్షలు పనిచేయని చోట్లు

ప్రభుత్వ సర్క్యులర్లు, పరీక్షల కోసం బట్టీపట్టిన వ్యాసాలు, హడావిడిగా చేసిన అనువాదాలు మనుషులు రాసినా ఇలాగే ఉంటాయి. కాబట్టి ఈ గుర్తులు చూసి "ఇది నువ్వు రాయలేదు" అని ఎవరినీ నిలదీయలేం. డ్రాఫ్టులో ఏ వాక్యం ఖాళీగా ఉందో మాత్రమే ఇవి చెబుతాయి. వంట కొలతలూ మందు మోతాదులూ రాసేచోట వాక్యాలు ఒకే అచ్చులో ఉండటమే మేలు, చదివేవాడు పొరపడడు. అక్కడ ఊపు కోసం మార్చకండి.