వెయిటింగ్ హాల్ టీవీలో ఎండోస్కోపీ వీడియో: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

కడుపు ఎండోస్కోపీకి వచ్చేవారికి ఇచ్చే కరపత్రం చాలా ఆసుపత్రుల్లో ఉంటుంది. దాన్నే వీడియో చేసి హాల్లోని టీవీలో వేయాలనుకుంటారు. కరపత్రాన్ని ఒక మంచి గొంతుతో చదివించి, వెనక మెల్లని సంగీతం పెట్టి, పని అయిపోయిందనుకుంటారు. ఆ తర్వాత ఫిర్యాదులు మొదలవుతాయి. వాటిలో ఎక్కువగా ఎదురయ్యేవి ఇక్కడ రాస్తున్నాను. కొలనోస్కోపీ, ఎంఆర్ఐ లాంటివాటికి వివరాలు మారతాయి కాబట్టి ఒక్క ఎండోస్కోపీనే పట్టుకుని చెబుతాను.

సమస్య: వీడియో చూసి జనం గాభరాగా కౌంటర్ దగ్గరకు వస్తున్నారు

"పొద్దున టీ తాగానమ్మా, ఇప్పుడెలా?" "బీపీ మాత్ర వేసుకున్నాను, పరవాలేదా?" వీడియో పెట్టినప్పటి నుంచి ఇలాంటి ప్రశ్నలు పెరిగాయని నర్సులు చెబుతారు. ఇంకో రకం వారు ఉంటారు. టీ తాగిన మాట అసలు చెప్పరు. చెబితే తిడతారనో, వెనక్కి పంపేస్తారనో, ఊరి నుంచి వచ్చిన ఖర్చంతా దండగ అవుతుందనో భయం. అసలు ప్రమాదం వీరితోనే. కడుపులో ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఉండాలనే కదా పరగడుపున రమ్మనేది.

కారణం: కరపత్రం ముందురోజు ఇంట్లో చదువుకోవడానికి రాసింది. "పరీక్షకు ముందు కనీసం 6 గంటలు ఆహారం తీసుకోరాదు" అనే వాక్యం ముందురోజు రాత్రి సలహా. హాల్లో కూర్చున్న మనిషికి అదే వాక్యం తప్పు ఎత్తిచూపినట్టు వినిపిస్తుంది. సరిదిద్దుకునే అవకాశం దాటిపోయాక చెప్పిన నియమం టెన్షన్ తప్ప ఏమీ ఇవ్వదు.

పరిష్కారం: కరపత్రంలోని ప్రతి వాక్యం పక్కన పెన్సిల్‌తో ఒక గుర్తు పెట్టండి: ఇది ఇంటి దగ్గర చేయాల్సిందా, ఇప్పుడు జరగబోయేదా, పరీక్ష అయ్యాకా? మొదటి రకం వాక్యాలను వీడియోలో యథాతథంగా ఉంచకండి. వాటిలో ఇప్పటికీ పనికొచ్చేది ఏదైనా ఉంటే, ఇప్పుడు చేయగలిగిన పనిగా మార్చండి. పై వాక్యం ఇలా మారుతుంది:

"ఈ రోజు ఏమైనా తిన్నారా? టీ, కాఫీ, నీళ్ళు తాగారా? ఎన్ని గంటలకో నర్సుకు చెప్పండి. చాలామంది విషయంలో పరీక్ష సమయం కాస్త వెనక్కి జరుపుతారు, అంతే. చెప్పడమే మంచిది."

"చాలామంది విషయంలో" అన్నది మీ ఎండోస్కోపీ విభాగంలో నిజమైతేనే రాయండి. అక్కడ వేరే రోజుకు మారుస్తుంటే అదే చెప్పండి.

రక్తం పలచబడే మాత్రలు, అలర్జీలు, పెట్టుడు పళ్ళు, కదిలే పళ్ళు కూడా ఇలాగే "నర్సుకు చెప్పండి" కిందకే వస్తాయి. కరపత్రంలో లేకపోయినా హాల్లో తప్పక ఉండాల్సింది ఇంకొకటుంది. సుగర్ ఉన్నవారు పరగడుపున గంటల తరబడి కూర్చుంటారు. "సుగర్ ఉన్నవారికి చెమటలు పట్టినా, వణుకు వచ్చినా, కళ్ళు తిరిగినా వెంటనే ఎవరినైనా పిలవండి" అనే వాక్యం కలపండి. ఈ వీడియోలో ఒక మనిషిని నిజంగా కాపాడగలిగే వాక్యం ఇదే కావచ్చు.

సమస్య: ధైర్యం చెప్పే మాటలే భయపెడుతున్నాయి

"భయపడకండి. నొప్పి ఉండదు. ఊపిరాడకపోవడం జరగదు." రాసినవారి మనసు మంచిదే. కానీ అప్పటిదాకా ఊపిరి గురించి ఆలోచించని మనిషి ఇప్పుడు దాని గురించే ఆలోచిస్తాడు. పైగా లోపలికి వెళ్ళాక గొంతు దగ్గర వాంతి వచ్చినట్టు అనిపించగానే, "వీళ్ళు చెప్పింది నిజం కాదు" అనుకుంటాడు. ఆ క్షణం నుంచి నర్సు మాట కూడా వినడు. బిగుసుకుపోతాడు, గొట్టం దిగడం మరింత కష్టమవుతుంది.

కారణం: కరపత్రం డాక్టరు వైపు నుంచి రాసింది. "ఎండోస్కోప్‌ను నోటి ద్వారా అన్నవాహికలోకి ప్రవేశపెడతారు" అన్నది డాక్టరు చేసే పని. పడుకున్న మనిషికి ఏం తెలుస్తుందో అందులో లేదు. ఆ ఖాళీని రోగి తన ఊహతో నింపుకుంటాడు. అమెరికాలో నర్సింగ్ పరిశోధకురాలు జీన్ జాన్సన్, ఆమె సహచరులు 1970ల మొదట్లోనే ఎండోస్కోపీకి వచ్చినవారి మీద ఇది పరిశీలించారు. పరీక్షలో ఏమేం అనిపిస్తుందో ముందుగా విన్నవారికి మత్తు మందు తక్కువ అవసరమైంది.

పరిష్కారం: జరిగే వరసలో చెప్పండి, పడుకున్న మనిషి వైపు నుంచి చెప్పండి. ప్రతి ఇబ్బంది వెంటనే మూడు సంగతులు రావాలి: ఏం అనిపిస్తుంది, ఎందుకు, అప్పుడు ఏం చేయాలి. కరపత్రంలో "రోగికి వాంతి భావన, ఉక్కిరిబిక్కిరి కలగవచ్చు" అని ఒక్క ముక్కలో తేల్చేసిన భాగం స్క్రిప్టులో ఇలా విచ్చుకుంటుంది:

"ముందుగా గొంతులో మందు స్ప్రే చేస్తారు. చేదుగా ఉంటుంది. కాసేపటికి గొంతు మొద్దుబారుతుంది, గుటక వేస్తుంటే ఏదో అడ్డం ఉన్నట్టు అనిపిస్తుంది. మందు పనిచేస్తోందని అర్థం.

ఎడమ పక్కకు తిరిగి పడుకోమంటారు. పళ్ళ మధ్య చిన్న ప్లాస్టిక్ రింగు పెడతారు. దాన్ని పళ్ళతో పట్టుకుని ఉంటే చాలు.

గొట్టం సుమారు మీ చిటికెన వేలంత లావు ఉంటుంది. గొంతు దాటేటప్పుడు ఒకసారి మింగమంటారు. అప్పుడు వాంతి వచ్చినట్టు అనిపిస్తుంది. చాలామందికి అలాగే ఉంటుంది. గొట్టం వెళ్ళేది అన్నం దిగే దారిలో. ఊపిరి దారి వేరు, అది తెరిచే ఉంటుంది. మెల్లగా ఊపిరి తీసి వదులుతూ ఉండండి.

నోట్లో ఊరిన ఉమ్ము మింగకండి. పక్కకు కారనివ్వండి, నర్సు తుడుస్తారు.

కడుపులోకి కొంచెం గాలి పంపుతారు. ఉబ్బరంగా ఉంటుంది, త్రేన్పులు వస్తాయి. రానివ్వండి. లోపల బాగా కనిపించడానికే ఆ గాలి."

ఇందులో "భయపడకండి" అనే మాట ఒక్కసారి కూడా లేదు. ఉమ్ము సంగతి చాలా కరపత్రాల్లో కనిపించదు. కానీ పెద్దవారికి, ముఖ్యంగా ఆడవారికి, పదిమంది ముందు ఉమ్ము కారడం సిగ్గుగా ఉంటుంది. మింగబోయి దగ్గు తెచ్చుకుంటారు. "నర్సు తుడుస్తారు" అన్న రెండు మాటలు ఆ సిగ్గును తీసేస్తాయి.

ముక్క తీయడం గురించి కూడా ఒక మాట ఉండాలి. "ముక్క పరీక్షకు పంపాం" అనగానే ఇంటిల్లిపాదీ క్యాన్సర్ అనుకుంటారు. "గింజంత ముక్క తీసి పరీక్షకు పంపడం మామూలే. ఇన్ఫెక్షన్ ఉందేమో చూడటానికి కూడా తీస్తారు. తీసినప్పుడు నొప్పి తెలియదు" అంటే సరిపోతుంది. క్యాన్సర్ కాదని మాత్రం చెప్పకండి. అది ఆ టీవీకి తెలియదు.

మత్తు దగ్గర జాగ్రత్త. కొందరికి స్ప్రే మాత్రమే ఇస్తారు, కొందరికి మత్తు ఇంజెక్షన్ కూడా ఇస్తారు. "నిద్రలో ఉండగానే అయిపోతుంది" అని వీడియో అందరికీ చెబితే, స్ప్రేతో చేయించుకునేవారిని మోసం చేసినట్టే. "మీకు ఏది ఇస్తారో నర్సు చెబుతారు" అనండి.

సమస్య: "రిస్కులు దాచారు" అని డాక్టర్లు అభ్యంతరం చెబుతున్నారు

ఈ అభ్యంతరం న్యాయమైనదే. రక్తస్రావం, రంధ్రం పడటం చాలా అరుదు, కానీ లేవని చెప్పలేం. అయితే కరపత్రంలోని జాబితాను టీవీలో చదివితే పక్కన కూర్చుని వివరించేవారు ఉండరు. అడగడానికి వీలులేని చోట రిస్కు చెప్పడం వల్ల భయం మిగులుతుంది, అవగాహన మిగలదు. పైగా హాల్లో కూర్చున్నవారిలో కొందరు తోడుగా వచ్చినవారు, కొందరు వేరే పనిమీద వచ్చినవారు.

జాబితాను కరపత్రంలోనూ, సంతకం తీసుకునే ముందు డాక్టరు చెప్పే మాటల్లోనూ ఉంచండి. వీడియోలో ఆ దారి చూపించండి: "అరుదుగా వచ్చే ఇబ్బందుల గురించి సంతకం చేసే ముందు డాక్టరు మీకు చెబుతారు. సందేహం ఉంటే అప్పుడు అడగండి. ఆలోచించుకోవడానికి సమయం కావాలన్నా అడగొచ్చు." ఈ చివరి వాక్యాన్ని కొన్నిచోట్ల తీసేయమంటారు. నా మట్టుకు అది ఉండి తీరాలి. వద్దనే హక్కు తనకుందని తెలిసిన మనిషే నిమ్మళంగా కూర్చోగలడు.

సమస్య: ఎవరూ చూడటం లేదు, చూసినా సగమే తెలుస్తోంది

హాల్లో టీవీ సౌండ్ సాధారణంగా కట్టేసి ఉంటుంది. లేదా టోకెన్ నంబర్ల అరుపుల్లో మునిగిపోతుంది. ఆరేడు నిమిషాల వీడియోను మొదటి నుంచి చూసేవారు అరుదు. మధ్యలో వస్తారు, మధ్యలో పిలుపొస్తుంది. గొట్టం గొంతు దాటే చోట పిలుపు వస్తే, "మెల్లగా ఊపిరి తీయండి" అనే మాట వినకుండానే లోపలికి వెళ్తారు.

అందుకే ఒకే వీడియో వద్దు. నిమిషం, నిమిషంన్నర ముక్కలు నాలుగు చేయండి: నర్సుకు ఏం చెప్పాలి, లోపల ఏం జరుగుతుంది, అయ్యాక ఏం ఉంటుంది, తోడు వచ్చినవారికి. ఏ ముక్కకు ఆ ముక్క అర్థం కావాలి. "ఇంతకు ముందు చెప్పినట్టు" అనే మాట ఎక్కడ వచ్చినా కొట్టేయండి. ఇబ్బంది చెప్పే వాక్యం, దానికి ఉపాయం చెప్పే వాక్యం ఒకే షాట్‌లో ఉండాలి.

రాసేటప్పుడే తెర మీది అక్షరాలు ముందు, గొంతు తర్వాత అనుకోండి. ఒకసారికి రెండు లైన్లకు మించకూడదు. ఒత్తులు కింది లైన్‌కు, గుడులు పై లైన్‌కు తగలకుండా ఎడం ఎక్కువ పెట్టాలి, లేకపోతే దూరం నుంచి "ళ్ళ", "త్ర్య" లాంటివి మచ్చల్లా కనిపిస్తాయి. ప్రతి లైన్‌నూ మెల్లగా రెండుసార్లు చదివే అంతసేపు ఉంచండి. చదవడం రానివారి కోసం బొమ్మలోనే పని కనిపించాలి: ఎడమ పక్కకు తిరిగిన మనిషి, భుజం మీద నర్సు చెయ్యి, గొంతులో స్ప్రే. గొట్టాన్ని దగ్గర్నుంచి చూపకండి. కడుపు లోపలి దృశ్యాలు అసలే వద్దు.

సమస్య: పరీక్ష అయిన వెంటనే నీళ్ళు తాగి పొలమారుతోంది

కరపత్రంలో ఈ జాగ్రత్త చివరి పేజీలో ఉంటుంది. పైగా మత్తులో ఉన్నవారికి చెప్పింది గుర్తుండదు. బయటకు రాగానే నీళ్ళ సీసా అందించేది తోడు వచ్చినవారే. కాబట్టి ఈ మాట వారికి చెప్పాలి: "గొంతు మొద్దు పోయేదాకా, మామూలుగా అరగంట నుంచి గంట, ఏమీ ఇవ్వకండి. మొదట ఒక గుక్క నీళ్ళు ఇచ్చి చూడండి. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే 24 గంటలు బండి నడపనివ్వకండి." రోగి లోపల ఉన్నంతసేపు వారు టీవీ వైపే చూస్తుంటారు కాబట్టి నాలుగో ముక్కను తరచుగా తిప్పండి.

బాగుపడిందో లేదో తెలిసేదెలా

"వీడియో బాగుందా?" అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. సౌండ్ ఆపేసి నడిపించి, చూసినవారిని నలుగురైదుగురిని ఇలా అడగండి: "లోపలికి వెళ్ళాక ఉమ్ము వస్తే ఏం చేస్తారు?" "టీ తాగి ఉంటే ఏం చేస్తారు?" ఇద్దరు తడబడితే ఆ వాక్యాన్నే మార్చాలి, వారిని కాదు. తర్వాత ఎండోస్కోపీ గదిలోని నర్సును అడగండి: స్ప్రే చేయగానే "గొంతు పట్టేసింది" అని లేచి కూర్చునేవారు తగ్గారా? టీ సంగతి ముందే చెప్పేవారు పెరిగారా? మత్తు ఇచ్చే పద్ధతి గానీ, ఉపవాసం గంటలు గానీ విభాగంలో మారిన రోజున సంబంధించిన ముక్కను టీవీ నుంచి దించేసి, సరిచేశాకే మళ్ళీ ఎక్కించండి. ఈ బాధ్యత ఎవరిదో ఒక పేరు ముందే రాసిపెట్టుకోవాలి.