వానల ముందు బీచ్ రోడ్డు బండివాళ్లకు: 80 అంటే రెండు 40లు కాదు

రుషికొండ దాటి భీమిలి వైపు వెళ్తుంటే రోడ్డు ఖాళీగా కనిపిస్తుంది, చెయ్యి దానంతటదే యాక్సిలరేటర్ తిప్పేస్తుంది. తొలి వానల్లో ఆ అలవాటుతోనే గండం. రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, ఆయిల్ మరకలు చినుకులతో కలిసి జారుడుగా తయారవుతాయి.

బండి, మనిషి కలిపి 180 కిలోలు అనుకుందాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఆ బరువులో ఉండే శక్తి సుమారు 11,000 జౌళ్లు. 80లో అది 44,000. శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి వేగం రెండింతలైతే శక్తి నాలుగింతలు. 40లో గోడకు గుద్దుకోవడం రెండో అంతస్తు ఎత్తు నుంచి పడటంతో సమానమైతే, 80లో ఎనిమిదో అంతస్తు నుంచి పడినట్టే.

ఇక బ్రేకు సంగతి. టైర్లు బాగుంటే తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినప్పుడు అది మీటరుకు సుమారు 720 జౌళ్లు లాగేస్తుంది. మన వేగం ఎంతన్నది దానికి అనవసరం. అందుకే 40లో ఉన్నవాడు 15.5 మీటర్లలో ఆగితే, 80లో ఉన్నవాడికి 62 మీటర్లు కావాలి.

ఎదురుగా ఆవు అడ్డం వచ్చిందనుకోండి. చూసి బ్రేకు నొక్కడానికి ఒక సెకను పోతుంది. ఆ సెకనులో 40లో వచ్చే బండి 11 మీటర్లు ముందుకెళ్లి, మొత్తం సుమారు 27 మీటర్లకు ఆగుతుంది. 80లో వచ్చేవాడికి ఆ సెకనులోనే 22 మీటర్లు అయిపోతాయి. మిగిలిన 5 మీటర్లలో బ్రేకు తీసుకోగలిగేది 3,600 జౌళ్లే. అంటే మొదటివాడు ఆగిన చోట రెండోవాడు ఇంకా 77లో ఉంటాడు! చాలామంది సగం వేగానికైనా తగ్గి ఉంటాడనుకుంటారు.

బ్రేకు తీసుకోలేని శక్తిని గుద్దుకున్న చోటే ఏదో ఒకటి తీసుకోవాలి. ఆగే దూరం ఎంత తక్కువైతే దెబ్బ అంత గట్టిది. హెల్మెట్‌లో ఆ దూరం లోపలి థర్మోకోల్ మందమే, రెండు మూడు సెంటీమీటర్లు. అది నలిగేంతవరకే కాపాడుతుంది. ఆ తర్వాత మిగిలింది పుర్రె మీదే పడుతుంది. బండి మీంచి కిందపడి తల నేలకు తగిలినప్పుడు హెల్మెట్ చాలా పని చేస్తుంది, ఎందుకంటే పడే ఎత్తు వేగంతో పెరగదు. 80లో స్తంభానికి నేరుగా తగిలితే మాత్రం అంత ఆశ పెట్టుకోలేం.

కాబట్టి వానల ముందే టైరు గాడుల్లో ఉండే చిన్న గట్లు చూడండి. రబ్బరు వాటి మట్టానికి అరిగిపోతే మార్చేయండి, అరిగిన టైరుకు పైన చెప్పిన 720 కూడా రాదు. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ బయటికి బాగానే ఉన్నా పక్కన పెట్టండి, లోపల థర్మోకోల్ నలిగిపోయి ఉంటుంది. రోడ్డు తడిగా ఉంటే 40 దాటకండి, ముందు బ్రేకు, వెనక బ్రేకు కలిపి మెల్లగా మొదలుపెట్టి బిగించండి.