బండి ఇంజిన్ పాఠాలు – 7: ప్లగ్ కొన ఎంత వేడెక్కాలి?

పోయిన పాఠంలో ప్లగ్ గ్యాప్ చూడటం నేర్చుకున్నాం. గ్యాప్ సరిగ్గానే ఉంది, ప్లగ్ కొత్తదే, అయినా కొన్ని వారాలకే మసి పట్టి బండి మిస్ కొడుతోందంటే ఈ పాఠం మీకోసమే. ప్లగ్ మీద అచ్చువేసిన అక్షరాల మధ్య ఒక అంకె ఉంటుంది. దాన్నే హీట్ రేంజ్ అంటారు. చాలామంది దాన్ని చూడకుండానే ప్లగ్ కొనేస్తారు.

ముందు ఇంజిన్ బాగా చల్లారాక ప్లగ్ విప్పి, కింది వైపు నుంచి లోపలికి చూడండి. నడుమ ఎలక్ట్రోడ్, దాని చుట్టూ పింగాణీ ముక్కు కనిపిస్తాయి. పింగాణీకీ ఇనుప బాడీకీ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ లోపల ఎక్కడో ఒకచోట ముగిసి, పింగాణీ బాడీకి ఆనుకుంటుంది. కొన నుంచి ఆ ఆనిక దాకా ఉన్న పొడవే మనకు ముఖ్యం. మంట వేడి కొనకు తగిలాక ముక్కు వెంట పైకి పాకి, ఆ ఆనిక దగ్గర బాడీలోకి దిగి, మరల గుండా, వాషర్ గుండా హెడ్‌లోకి పోతుంది. మురుగు కాలువ దూరమైతే చేలో నీరు నిదానంగా తీస్తుంది కదా, ఇదీ అంతే. ముక్కు పొడవుగా ఉంటే వేడి ఆలస్యంగా పోతుంది, కొన ఎక్కువ వేడిగా ఉంటుంది. అది హాట్ ప్లగ్. ముక్కు పొట్టిగా ఉంటే వేడి త్వరగా హెడ్‌లోకి పోతుంది, కొన చల్లగా ఉంటుంది. అది కోల్డ్ ప్లగ్.

ఇక్కడ ఒక అపోహ తీసేసుకోవాలి. హాట్ ప్లగ్ వేస్తే స్పార్క్ బలంగా రాదు, ఇంజిన్‌కు పవర్ పెరగదు. సిలిండర్‌లో మంట వేడి ప్లగ్‌ను బట్టి మారదు. అదే మంటలో ప్లగ్ కొన తన దగ్గర ఎంత వేడి నిలుపుకుంటుందన్నదే తేడా.

మరి ఎంత నిలుపుకోవాలి? సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితే కొన మీద చేరే మసి దానంతటదే కాలిపోతుంది. ప్లగ్ తనను తాను శుభ్రం చేసుకోవడమంటే ఇదే. అంతకన్నా చల్లగా ఉంటే మసి పేరుకుంటుంది. మసి అంటే కార్బన్, దాని గుండా కరెంటు పోతుంది. కాయిల్ నుంచి వచ్చే వేల వోల్టులు గ్యాప్ దూకాల్సింది పోయి, నల్లబడిన ముక్కు వెంట జారి బాడీలోకి వెళ్లిపోతాయి. గ్యాప్ దగ్గర స్పార్క్ నీరసపడుతుంది, లేదా అసలు రాదు. ఆ విడత పెట్రోలు సరిగ్గా కాలదు కాబట్టి ఇంకాస్త మసి చేరుతుంది. ఒకసారి మొదలైతే తనను తానే పెంచుకునే జబ్బు ఇది.

పైన కూడా ఒక హద్దు ఉంది. కొన సుమారు 850 డిగ్రీల లోపే ఉండాలి. 900 దాటితే అది నిప్పుకణికలా మారి, స్పార్క్ రాకముందే మిశ్రమాన్ని అంటించేస్తుంది. దీన్ని ప్రీ-ఇగ్నిషన్ అంటారు. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట దాన్ని కిందికి నెడుతుంది. వేడి ఒక్కసారిగా పెరిగి పిస్టన్ తల కరుగుతుంది, చిల్లు కూడా పడుతుంది. మసి పడితే పోయేది ఒక ప్లగ్, ఇక్కడ పోయేది ఇంజిన్. రెండు హద్దుల్లో దేనికి ఎక్కువ భయపడాలో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇప్పుడు మన కోనసీమలోనే జరిగిన ఒక కేసు చూద్దాం. మా పెద్దమ్మ కొడుకు అల్లవరం వైపు రొయ్యల చెరువులు చూసుకుంటాడు. వంద సీసీ కార్బురేటర్ బండి. పొద్దున్నే చోక్ లాగి స్టార్ట్ చేస్తాడు, గట్టు మీద ఫస్టు, సెకండు గేర్లలో ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పోతాడు, ఆపుతాడు, ఏరేటర్లు చూసుకుని మళ్లీ స్టార్ట్ చేస్తాడు. రోజంతా ఇంతే. "ప్లగ్ వేయిస్తే నెల తిరక్కుండానే మిస్ కొడుతోందిరా, కార్బురేటర్ మార్చమంటున్నారు" అన్నాడు.

ప్లగ్ విప్పితే ముక్కు మొత్తం పొడి మసి, వేలికి అంటే నల్లటి పొడి. నూనె తడి లేదు. ఈ తేడా మొదటే చూడాలి. జిడ్డుగా, తడిగా, నల్లగా మెరుస్తుంటే అది ఇంజిన్ ఆయిల్. రింగులు గానీ, వాల్వ్ సీల్ గానీ అరిగి ఆయిల్ పైకి వస్తోందన్నమాట. దానికి ప్లగ్ మార్చడం మందు కాదు.

తర్వాత మల్టీమీటర్ పెట్టాం. ఒక కడ్డీ ప్లగ్ పైన క్యాప్ తగిలే చోట, రెండోది ఇనుప బాడీకి. మంచి ప్లగ్‌కు మీటర్ మీద ఏమీ రాదు, ఎందుకంటే ఆ రెంటికీ మధ్య దారి ఉండకూడదు. ఈ ప్లగ్‌కు కొన్ని లక్షల ఓములు చూపించింది. మసి కట్టిన దారి అదే. పొరపాటున రెండో కడ్డీ బాడీకి కాకుండా నడుమ ఎలక్ట్రోడ్‌కు పెడితే, రెసిస్టర్ ప్లగ్ అయితే సుమారు 5 వేల ఓములు చూపిస్తుంది. అది లోపం కాదు, రెసిస్టర్ విలువ.

ఆ తర్వాతే నంబరు చూశాం. బండి పుస్తకంలో సీఆర్7హెచ్‌ఎస్‌ఏ అని ఉంది. వేసి ఉన్నది సీఆర్8హెచ్‌ఎస్‌ఏ. మరలు, పొడవు అన్నీ ఒకటే, అందుకే చక్కగా పట్టేసింది. పెద్ద నంబరైతే మంచి ప్లగ్ అనుకుని తీసుకున్నాడట. ఈ కంపెనీ, అంటే ఎన్‌జీకే లెక్కలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ కోల్డ్. డెన్సో కూడా అంతే, కాకపోతే అంకెలు వేరు. అక్కడ 22 అంటే సుమారుగా ఇక్కడి 7. బాష్‌లో, ఛాంపియన్‌లో లెక్క తలకిందులు, అంకె పెరిగితే హాట్. కాబట్టి ఒక కంపెనీ అంకె చూసి ఇంకో కంపెనీ ప్లగ్ కొనకూడదు. కంపెనీ ఇచ్చే సరిపోలిక పట్టిక చూసే కొనాలి.

ఒక్క అంకె తేడాతో ఇంత జరుగుతుందా? ఒక రేంజ్ మారితే కొన వేడి సుమారు 70 నుంచి 100 డిగ్రీలు మారుతుంది. గట్టు మీద మెల్లగా తిరిగేటప్పుడు 7 నంబరు ప్లగ్ కొన 480 దగ్గర ఉంటుందనుకోండి. మసి కాలడానికి అది సరిపోతుంది. అదే తిరుగుడులో 8 వేస్తే కొన 400 చుట్టుపక్కలకు పడిపోతుంది. మన డెల్టాలో ఎత్తులూ ఘాట్లూ లేవు, ఇంజిన్ మీద లోడు పడేదే తక్కువ, ఇక గట్టు మీదైతే థ్రాటిల్ తిప్పేదే లేదు. ఇలాంటి వాడకంలో కోల్డ్ ప్లగ్‌కు కోలుకునే అవకాశమే దొరకదు.

అయితే నంబరు దొరికింది కదా అని అక్కడితో ఆగలేదు. మిశ్రమంలో పెట్రోలు ఎక్కువైనా ఇదే పొడి మసి వస్తుంది. ఎయిర్ ఫిల్టర్ తీసి దులిపితే గట్టు మట్టి రాలింది. కొత్తది వేశాం. చోక్ కేబుల్ పూర్తిగా వెనక్కి వస్తోందో లేదో చూశాం, వస్తోంది. అప్పుడు 7 నంబరు ప్లగ్ వేసి, గట్లు తిరగకుండా ముందు అమలాపురం నుంచి రాజోలు వైపు 216 హైవే మీద పావుగంట ఒకే వేగంతో నడిపాం. రోడ్డు ఖాళీగా ఉన్నచోట పక్కకు తీస్తూ క్లచ్ పట్టి ఇంజిన్ ఆపేశాం. మెల్లగా ఐడిల్‌లో పెట్టి ఆపితే ఆ కాస్సేపటి మసి చేరి అసలు రంగు మరుగున పడుతుంది, అందుకే అలా ఆపాలి. చల్లారాక విప్పితే ముక్కు లేత గోధుమరంగు. అంటే హైవే మీద మిశ్రమం సరిగ్గానే ఉంది, కార్బురేటర్ మార్చే పని లేదు. అలా నడిపాక కూడా ముక్కు నల్లగానే ఉండి ఉంటే, తప్పు రేంజ్‌ది కాదు, మిశ్రమానిదని తేలేది.

తర్వాత గట్లు తిరగనిచ్చి, కొన్ని వారాల తర్వాత మళ్లీ విప్పాం. అంచున, ఇనుప బాడీ మీద కాస్త నలుపు ఉంది కానీ పింగాణీ ముక్కు శుభ్రం. మీటర్ ఏమీ చూపలేదు. చూడాల్సింది ముక్కునే. బాడీ అంచు ఎప్పుడూ చల్లగానే ఉంటుంది, అక్కడి మసిని చూసి కంగారు పడక్కర్లేదు.

అప్పుడు అన్నయ్య అడిగాడు, "ఇంకో అంకె తగ్గించి 6 వేస్తే ఇక మసే పట్టదు కదా?" గట్టు మీద నిజమే, పట్టదు. కానీ అదే బండి మీద వేసవి మధ్యాహ్నం ఇద్దరెక్కి, మేత బస్తా కట్టుకుని, హైవే మీద థ్రాటిల్ పూర్తిగా తిప్పి పోతే? 7 మీద కొన 750కి చేరుతుందనుకుంటే, 6 మీద 820 నుంచి 850 మధ్యకు వెళ్తుంది. ఆ రోజు కార్బురేటర్ జెట్‌లో చిన్న నలక అడ్డుపడి పెట్రోలు తగ్గిందా, మిగిలిన కాస్త వెసులుబాటూ పోతుంది. అందుకే నా మాట ఒకటే: పుస్తకంలో ఉన్న నంబరే వేయండి. అన్నీ సరిచూశాక కూడా మసి పడుతుంటే, హైవే ఎక్కని బండికి మాత్రమే, ఒక్క అంకె హాట్ వైపు జరిగి, తరచూ విప్పి చూసుకోవాలి. రెండంకెలు ఎప్పుడూ జరగకూడదు.

కొన అతిగా వేడెక్కిందని చెప్పే గుర్తులు కూడా చూసి పెట్టుకోండి. ముక్కు సున్నంలా తెల్లబడి, గరుకుగా, పొక్కులు వచ్చినట్టు ఉంటుంది. ఎలక్ట్రోడ్ అంచులు మొద్దుబారతాయి. పింగాణీ మీద మెరిసే సన్నటి లోహపు చుక్కలు కనిపిస్తే బండి నడపడం ఆపేయండి, అవి పిస్టన్ నుంచి ఊడిన అల్యూమినియం కావచ్చు. ఊరికే లేత రంగు ఉంటే మాత్రం భయం వద్దు, గరుకుదనం, పొక్కులు ఉన్నాయా అన్నదే చూడాలి.

సరైన నంబరు వేసినా కొన వేడెక్కే దారి ఇంకొకటి ఉంది: ప్లగ్ వదులుగా బిగించడం. వేడి పోయేదే మరల గుండా, వాషర్ గుండా అని చెప్పుకున్నాం కదా, అవి హెడ్‌కు గట్టిగా ఆనకపోతే మంచి ప్లగ్ కూడా హాట్ ప్లగ్ అయిపోతుంది. ఇలాంటి 10 మిల్లీమీటర్ల మరల ప్లగ్‌ను ముందు చేత్తోనే చివరిదాకా తిప్పాలి. తర్వాత వాషర్ కొత్తదైతే స్పానర్‌తో మరో సగం చుట్టు. పాత ప్లగ్‌నే తిరిగి వేస్తుంటే వాషర్ ఇప్పటికే నలిగి ఉంటుంది, చుట్టులో పన్నెండో వంతు చాలు. అంతకన్నా బిగిస్తే అల్యూమినియం హెడ్‌లో మరలు పోతాయి. మసి పోవాలని ఇనుప బ్రష్‌తో ముక్కు గీకకండి. బ్రష్ లోహం పింగాణీ మీద గీతలుగా అంటుకుని, మసి పోయినా కరెంటు జారే దారి మిగిలిపోతుంది.

ఈ వారం పని: మీ బండి ప్లగ్ విప్పి, దాని మీది నంబరు, పుస్తకంలోని నంబరు, ముక్కు రంగు, మీటర్ చూపిన విలువ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో కార్బురేటర్ పైలట్ స్క్రూ సర్దుతాం. అప్పుడు ఈ కాగితం దగ్గర ఉంటే, స్క్రూ తిప్పాక ముక్కు రంగు ఎటు జరిగిందో పోల్చి చూడొచ్చు.