అల్ట్రాబూస్ట్ కొనేముందు సోల్ తిప్పి చూడండి: భర్తీ పరుగు పిల్లలకు జాగ్రత్తలు

పోయిన వారం, రాత్రంతా వాన పడ్డ తెల్లారి, సిరొంచ నుంచి కాళేశ్వరం వంతెన వైపు పోయే రోడ్డు మీద ప్రాక్టీసు చేస్తున్న పిల్లాడొకడు జారి పడ్డాడు. మణికట్టు విరిగింది. పోలీస్ భర్తీకి తయారవుతున్నవాడు, ఇప్పుడు చేతికి సిమెంటు కట్టుతో ఇంట్లో కూర్చున్నాడు. కాళ్లకున్నది అడిడాస్ అల్ట్రాబూస్ట్ 1.0 అని, ఫ్యాక్టరీ సర్‌ప్లస్ అని చెప్పి మూడు వేలకు అంటగట్టిన నకిలీ జత. అమ్మినవాడి ఫోన్ ఇప్పుడు కలవడం లేదు.

తడి రోడ్డు మీద నెమ్మదిగా పరుగెత్తండి, లేసులు సరిగ్గా కట్టుకోండి అని మీకు నేను చెప్పక్కర్లేదు. మన గడ్చిరోలి పిల్లల్లో ఎంతోమందిని ముంచుతున్న తప్పు ఒక్కటే: డబ్బాను, నాలిక కింద ట్యాగును, పక్క నుంచి తీసిన ఫోటోను చూసి డబ్బులు ఇచ్చేయడం. సోల్ తిప్పి చూడకపోవడం. డబ్బా అచ్చు వేయించొచ్చు. ట్యాగు మీద కోడ్ ఫోన్‌లో కొడితే అసలు మోడలే వస్తుంది, ఎందుకంటే నకిలీ చేసేవాడు అసలు జత కోడ్‌నే దించుతాడు. పక్క నుంచి చూస్తే మూడు గీతలు ఎవరైనా గీయగలరు. నకిలీవాడు ఖర్చు తగ్గించుకునేది కంటికి కనపడని కింది భాగంలోనే.

ముందుగా సోల్. 2015లో వచ్చిన అల్ట్రాబూస్ట్ ప్రత్యేకతల్లో ఒకటి దాని కింది రబ్బరు. అది దళసరి పలక కాదు, పల్చటి జాలీ. జాలీ కన్నాల్లోంచి లోపలి బూస్ట్ ఫోమ్ కనిపిస్తుంది, జాలీ మీద చిన్న చిన్న బుడిపెలుంటాయి. షూ ముందు భాగాన్ని చేత్తో వంచితే రబ్బరు సాగి, కన్నాలు కాస్త తెరుచుకుంటాయి. పాదం వంగినప్పుడు రబ్బరు కూడా దాంతో పాటే కదలాలని అలా చేశారు. జారిపడ్డ పిల్లాడి షూ తిప్పి చూశాను. జాలీ ఆకారం దూరం నుంచి అచ్చం అలాగే ఉంది. కన్నంలో గోరు పెడితే మాత్రం ఫోమ్ తగల్లేదు. అవి కన్నాలే కావు, గట్టి పలక మీద అచ్చు వేసిన గుంటలు, లోపల తెల్ల రంగు పూశారు. వంచితే పలక మొత్తం ఒకేసారి బిగుసుకుని వంగింది, ఏ గుంటా సాగలేదు. అంత గట్టి పలక తడి సిమెంటును పట్టదు. ఆ సోల్ మీద కాంటినెంటల్ అన్న పేరు కూడా ఉంది. ఆ టైర్ల కంపెనీ రబ్బరునే అడిడాస్ వాడుతుంది నిజమే, కానీ అచ్చులో పేరు చెక్కడం ఎంతసేపు? పేరు చదివి నమ్మకండి, గోరు పెట్టి చూడండి.

ఫోమ్ కూడా ఇక్కడే తేలుతుంది. బూస్ట్ అంటే సగ్గుబియ్యం గింజలు ఆవిరికి ఒకదానికొకటి అంటుకున్నట్టుంటుంది. గింజ గింజకూ పరిమాణం కాస్త తేడా. మామూలు ఈవీఏ ఫోమ్ మీద అచ్చుతో గింజల ముద్ర కొట్టినదైతే ఒకే నమూనా మళ్లీ మళ్లీ వస్తుంది, నొక్కితే అంత త్వరగా పైకి లేవదు. పాత అసలు జతలో తెల్ల బూస్ట్ పసుపు పచ్చబడుతుంది. అది నకిలీ గుర్తు కాదు.

తర్వాత లేసులు పోయే చోటు. 1.0లో రెండు పక్కలా ప్లాస్టిక్ కేజ్ ఉంటుంది, మూడు గీతలు దానిలోనే, లేసులు దాని కన్నాల్లోంచే పోతాయి. ఈ కేజ్ కింద సోల్ దగ్గర పాతుకుని ఉంటుంది, మధ్యలో అల్లిక బట్టకు అంటుకోదు. లేసు వదులు చేసి కేజ్‌కూ బట్టకూ మధ్య వేలు దూర్చండి. దూరాలి. మన పిల్లాడి షూలో కేజ్ మొత్తం జిగురుతో బట్టకు అతికించి ఉంది, కొసలు అప్పుడే లేస్తున్నాయి. లేసు బిగిస్తే అసలుదాంట్లో కేజ్ పాదం నడుమును రెండు వైపుల నుంచీ పట్టుకుంటుంది. అతికించినదాంట్లో బట్ట మాత్రం ముడతలు పడి, పాదం లోపల ఆడుతుంది. మలుపు దగ్గర కాలు మడతపడేది ఇందువల్లే.

ఇక్కడ ఒక మాట. కేజ్ లేనంత మాత్రాన నకిలీ అనుకోకండి. అన్‌కేజ్డ్ అని అడిడాసే ఒక రకం తెచ్చింది, దాంట్లో లేసులు బట్ట కన్నాల్లోంచే పోతాయి. ప్యూర్‌బూస్ట్ కూడా వాళ్లదే, దానికీ కేజ్ ఉండదు. స్విఫ్ట్ రన్ కూడా అసలు అడిడాసే, చూడ్డానికి కాస్త ఇలాగే ఉంటుంది, కానీ దాంట్లో బూస్ట్ ఉండదు, ఈవీఏనే. స్విఫ్ట్ రన్‌ను అల్ట్రాబూస్ట్ ధరకు అమ్మడం కూడా మోసమే.

మడమ సంగతి చిన్నదే. వెనక ప్లాస్టిక్ చిప్ప రెండు పక్కలా రెక్కల్లా పైకి లేచి, నడుమ కిందికి దిగి ఉంటుంది. మడమ వెనక నరం స్వేచ్ఛగా కదలడానికే ఆ దిగుడు. నకిలీల్లో చిప్ప అంచు దాదాపు తిన్నగా ఒకే ఎత్తులో ఉండి నరాన్ని ఒరుసుకుంటుంది, లేదా చిప్ప మెత్తగా ఉండి రెండు వేళ్లతో నొక్కితే లోపలికి పోతుంది. షూను మీకు వెన్ను చూపేలా పెట్టి కంటి ఎత్తులో చూస్తే ఇది తెలుస్తుంది.

ఈ మూడూ సరిపోయినా నూటికి నూరు పాళ్లు అసలుదని చెప్పలేం. నిజంగానే గింజల ఫోమ్ పోసి చేసే ఖరీదైన నకళ్లు కూడా తిరుగుతున్నాయి. బిల్లు, వాపసు హక్కు లేకుండా అలాంటిది తేల్చడం ఇంట్లో కూర్చుని అయ్యే పని కాదు. అయితే మన వైపు మూడు నాలుగు వేలకు దొరికేవి ఆ స్థాయివి కావు, సోల్ తిప్పితేనే దొరికిపోతాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, భర్తీ దగ్గర పడే కొద్దీ ఇవి గుర్తుపెట్టుకోండి.

సోల్ ఫోటో పంపనివాడి దగ్గర కొనకండి.

ఫోటో కూడా చాలదు, షూ వంచుతూ కన్నాలు దగ్గరగా చూపించే వీడియో అడగండి.

"ట్యాగ్ స్కాన్ చేసుకో అన్నా" అంటే సరేనని, సోల్ చూపించమనే అడగండి.

ముందుగా ఫోన్‌పే చేయకండి. పది శాతం కూడా.

రెండు షూలూ తిప్పి చూడండి, ఒకటి చూసి ఊరుకోవద్దు.

సెకండ్‌హ్యాండ్ అయితే మడమ బయటి అంచు చూడండి. బుడిపెలు అరిగి నున్నగా అయితే అసలుదైనా వానలో జారుతుంది, వదిలేయండి.

1600 మీటర్లకైనా 800 మీటర్లకైనా ఈ షూనే కావాలని లేదు, పైగా ఇది కాస్త బరువు. అదే మూడు వేలకు బిల్లుతో వచ్చే మామూలు రన్నింగ్ షూ మేలు.

కొత్త జతతో తడి రోడ్డు మీదికి పోకండి. ముందు పొడి మట్టి గ్రౌండ్‌లో పరుగెత్తండి, తర్వాత ఇంటి ముందు తడి సిమెంటు మీద నిలబడి పాదం ముందుకు తోసి చూడండి. జారితే ఆ జతతో పరుగు వద్దు.

కొనేశాక అనుమానం వస్తే ఇంకొకరికి అమ్మకండి.

డబ్బులు చేతిలోంచి పోకముందే సోల్ తిప్పండి.