రాత్రి ఏమీ తినకపోయినా పొద్దున షుగర్ ఎందుకు పెరుగుతుంది?

సమస్య: పడుకునే ముందు 140 ఉన్న షుగర్, రాత్రంతా మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకపోయినా, పరగడుపున 190 చూపిస్తుంది.

కారణం: నిద్రలో విడుదలయ్యే గ్రోత్ హార్మోన్, వేకువకు పెరిగే కార్టిసాల్ కలిసి ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి. అదే సమయంలో కాలేయం తనలోని గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది. మధుమేహం లేనివారిలో క్లోమం కాస్త ఎక్కువ ఇన్సులిన్ ఇచ్చి దీన్ని సరిచేస్తుంది. మధుమేహం ఉన్నవారిలో ఆ సర్దుబాటు చాలదు. అందుకే తెల్లవారుజామున సుమారు 3 నుంచి ఉదయం 8 గంటల మధ్య షుగర్ పైకి పోతుంది.

అయితే పొద్దుటి అంకె ఒక్కటే చూసి ఇది వేకువ పెరుగుదలేనని తేల్చకూడదు. వరుసగా రెండు మూడు రాత్రులు పడుకునే ముందు, 3 గంటలకు, లేవగానే పరీక్షించాలి. ఎన్నిసార్లు చెప్పినా అందరూ ఎగవేసేది ఆ 3 గంటల పరీక్షనే. మొదటి రెండు అంకెలు దగ్గరగా ఉండి, ఆ తరువాతే పెరిగితే అది వేకువ పెరుగుదల. పడుకునేటప్పుడే 190 ఉండి రాత్రంతా అలాగే కొనసాగితే, చూడవలసింది రాత్రి భోజనాన్ని, మందుల మోతాదును.

నన్ను కూడా ఒకసారి మోసం చేసినది మూడో రకం. ఎన్‌పీహెచ్ ఇన్సులిన్‌ను రాత్రి 8 గంటలకు, భోజనానికి ముందు తీసుకునే ఒకరికి పరగడుపున రోజూ 190 పైనే ఉండేది. మోతాదు చాలడం లేదనుకుని 4 యూనిట్లు పెంచాము. రెండో రాత్రి ఆయన చెమటలు పట్టి లేచి చూసుకుంటే 58 ఉంది. పొద్దున మాత్రం మళ్లీ 180. ఎన్‌పీహెచ్ ప్రభావం సాధారణంగా తీసుకున్న 4 నుంచి 10 గంటల మధ్య గరిష్ఠంగా ఉంటుంది. ఆయన విషయంలో ఆ గరిష్ఠం అర్ధరాత్రి దాటాక వచ్చి, హార్మోన్లు పెరిగే వేళకు తగ్గిపోతోంది. అంటే లోపం మోతాదులో కాదు, వేళలో. వైద్యుడు పాత మోతాదునే రాత్రి పదిన్నరకు మార్చాక, 3 గంటలకు 112, పొద్దున 128 వచ్చాయి.

పరిష్కారం: 3 గంటలకు 70 కంటే తక్కువ ఉంటే అప్పటికప్పుడు 15 గ్రాముల గ్లూకోజు తీసుకుని, 15 నిమిషాల తరువాత మళ్లీ చూసుకోవాలి. ఆ అంకెలను వైద్యుడికి చూపించే వరకు ఇన్సులిన్ పెంచకూడదు. నిజంగా వేకువ పెరుగుదలే అయితే, మాత్రలు వాడేవారికి కాలేయం వదిలే గ్లూకోజును తగ్గించే మెట్‌ఫార్మిన్‌ను వైద్యుడు సర్దవచ్చు. ఇన్సులిన్ పంపు వాడేవారికి వేకువకు ముందే ఇన్సులిన్ వేగాన్ని పెంచేలా అమర్చవచ్చు. లేచాక అల్పాహారాన్ని బాగా ఆలస్యం చేస్తే ఈ పెరుగుదల ఇంకా సాగవచ్చు.

రాత్రి షుగర్ పడిపోవడం వల్లే పొద్దున ఎగబాకుతుందనే పాత వాదనకు ఆధారాలు బలహీనమే. ఇన్సులిన్ పాడవడం, వేలికి తీపి అంటుకుని ఉండటం వంటివి అరుదు. చేతులు కడుక్కుని మళ్లీ పరీక్షిస్తే రెండోది తేలిపోతుంది.