వక్తలను పిలవడం – 3వ భాగం: జవాబు గడువు పెట్టి ఉత్తరం రాయడం

పోయిన భాగంలో మనం గుంటూరులో మిరప రైతులకు ఒక పూట కార్యశాల అనుకుని, అంశాలు మూడు తేల్చుకున్నాం: నారుమడి, నల్ల తామర పురుగు, కాయ ఆరబెట్టి కోల్డ్ స్టోరేజీలో పెట్టడం. తేదీ జూన్ 20, శనివారం. నారు పోయకముందే రైతు ఈ మాటలు వినాలి కాబట్టి దీన్ని వాయిదా వేయలేం. ఇప్పుడు ఉత్తరాలు రాద్దాం.

ముందు రాయాల్సింది ఉత్తరం కాదు, గడువు తేదీ. దాన్ని కార్యక్రమం రోజు నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి. కరపత్రం ఊళ్లలో పంచడానికి వారం కావాలంటే 12వ తేదీ శుక్రవారం ప్రెస్సుకు ఇవ్వాలి. ఎవరైనా రాలేమంటే ఇంకొకరిని వెతుక్కోవడానికి మూడు నాలుగు రోజులైనా ఉండాలి. అంటే జవాబు 8వ తేదీ సోమవారం సాయంత్రానికల్లా మన చేతిలో ఉండాలి. వక్తకు రెండు వారాలు ఇవ్వాలంటే ఉత్తరం మే 25న వెళ్లిపోవాలి.

ఆ రెండు వారాలు ఎందుకంటే, గుంటూరు దగ్గరి లాం ఫారం పరిశోధన కేంద్రం నుంచి శాస్త్రవేత్తను పిలుస్తున్నాం. ప్రభుత్వ, విశ్వవిద్యాలయ ఉద్యోగి తనంతట తాను సరే అనలేరు, పైవారి అనుమతి కావాలి. కాబట్టి ఉత్తరం ఆ కేంద్రం అధిపతి గారి పేర రాసి, నకలు శాస్త్రవేత్తకు పంపాలి. ముందుగా శాస్త్రవేత్తకు ఫోన్ చేసి ఆ రోజు ఖాళీయేనా అని అడగడం మర్యాద. ఫోన్‌లో అడిగేశాం కదా అని ఉత్తరం మానేస్తే మాత్రం ఫైలు కదలదు.

ఇదిగో ఉత్తరంలో అసలు భాగం:

"అయ్యా, జూన్ 20 శనివారం ఉదయం 9.30 నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు మిరప రైతులకు కార్యశాల జరుపుతున్నాం. సుమారు 60 మంది వస్తారు. ఎక్కువమంది రెండు మూడు ఎకరాల కౌలు రైతులు. మీ కేంద్రం నుంచి ఒక శాస్త్రవేత్తను పంపి, నల్ల తామర పురుగును తొలిదశలో గుర్తుపట్టడం, అదుపు చేయడం గురించి చెప్పించవలసిందిగా కోరుతున్నాం. వారి సమయం 10.30 నుంచి 11.20 వరకు. ప్రసంగం 30 నిమిషాలు, రైతుల ప్రశ్నలకు 20 నిమిషాలు. వారికి ముందు నారుమడి గురించి ఒక అనుభవజ్ఞుడైన రైతు, టీ విరామం తర్వాత నిల్వ గురించి కోల్డ్ స్టోరేజీ మేనేజరు మాట్లాడతారు. కరపత్రం 12న ప్రెస్సుకు ఇవ్వాలి కనుక, జూన్ 8 సోమవారం సాయంత్రం 5 గంటల లోపు వస్తున్న వారి పేరు, హోదా, ప్రసంగం శీర్షిక తెలియజేయగలరు."

ఇందులో రెండు చోట్ల ఆగి చూడండి. ఒకటి, మిగతా వక్తలు ఏం చెబుతారో రాశాం. అది రాయకపోతే శాస్త్రవేత్త విత్తనశుద్ధి నుంచి మొదలుపెడతారు, నారుమడి రైతు అప్పటికే అది చెప్పేసి ఉంటాడు, పురుగు దగ్గరకు వచ్చేసరికి టీ వేళవుతుంది. రెండోది, గడువుకు కారణం చెప్పాం. పెద్దవాళ్లకు తారీఖు పెట్టి జవాబు అడగడానికి మనకు మొహమాటం, అందుకే "వీలైనంత త్వరగా" అని రాసేస్తాం. అలా రాస్తే ఆ ఉత్తరం బల్ల మీదే ఉండిపోతుంది. ప్రెస్సు సంగతి చెబితే అది ఆజ్ఞలా ఉండదు, తారీఖూ తారీఖుగానే నిలుస్తుంది.

వేదిక చిరునామా విడిగా, ఉత్తరం కిందనే రాయండి. బ్రాడీపేట 4/7 అంటే గుంటూరు వాళ్లకు నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు అని తెలుసు. విజయవాడ నుంచి వచ్చే మేనేజరు గారికి అది ఇంటి నంబరులా కనిపిస్తుంది. లైను, అడ్డరోడ్డు విడమరిచి, దగ్గర్లోని గుర్తు ఒకటి, హాలు ఏ అంతస్తులో ఉందో, కారు ఎక్కడ ఆపాలో చెప్పండి. రైల్లో వచ్చేవారికి స్టేషన్‌లో ఏ వైపు నుంచి బయటికి రావాలో కూడా రాయాలి.

ఇక జవాబుల సంగతి. "చూద్దాంలెండి", "వీలైతే తప్పకుండా వస్తా" అనేవి ఒప్పుకోలు కాదు. వద్దామనుకున్నవారు ప్రొజెక్టరు ఉందా, రైతులు ఏ మండలాల వాళ్లు అని ఏదో ఒకటి అడుగుతారు. అలాంటిదేమీ రాకపోతే 5వ తేదీ శుక్రవారం ఒకసారి ఫోన్ చేసి, "కరపత్రంలో మీ పేరు వేయమంటారా అండీ?" అని సూటిగా అడగండి. ఈ ప్రశ్నకు అవునో కాదో చెప్పక తప్పదు. కాదంటే నొచ్చుకోకుండా, "మీకు తెలిసినవారిలో ఎవరిని అడగమంటారు?" అనండి. ప్రత్యామ్నాయం తరచుగా అక్కడే దొరుకుతుంది.

అభ్యాసం: కోల్డ్ స్టోరేజీ మేనేజరు గారికి ఇదే కార్యశాలకు ఉత్తరం రాయండి. ఆయన సమయం 11.35 నుంచి 12.25 వరకు. కాయలో ఎంత తేమ ఉంటే స్టోరేజీలో పెట్టుకుంటారో రైతులకు చెప్పమని అడగండి. ఆయనది ప్రైవేటు సంస్థ, కాబట్టి ఎవరి పేర రాయాలో ముందు ఆలోచించండి. 4వ భాగంలో వక్తలు సరే అన్నాక రాసే రెండో ఉత్తరం చూద్దాం.